తాళమంటే ఏ తాళం

తెలుగువాళ్ళ నోటికి బద్ధకం ఎక్కువ. గొళ్ళేన్ని పట్టుకుని వేలాడేదీ తాళమే, మొలతాడుకు కట్టుకుని తిరిగేదీ తాళమే. కప్ప అనీ చెవి అనీ పెద్దవాళ్ళు రెండు మాటలు పెట్టిపోయినా వాటిని విడదీసి పలికే ఓపిక ఎవరికుంది? "తాళం వేశావా?" అంటాం, "తాళం ఎక్కడ పెట్టావు?" అంటాం. ఎదుటివాడు ఏదో అర్థం చేసుకుంటాడు, పని జరిగిపోతుంది. కావలిలో ఒకసారి మాత్రం జరగలేదు. అరవైనాలుగో సంవత్సరం ఫిబ్రవరి సంగతి.

స్టేషను నుంచి బజారుకు వచ్చే దారిలో గోనెసంచుల కొట్టు అరుగు మీద హజరత్తయ్య కూర్చునేవాడు. ముందు చిన్న బల్ల, చెవిని కదలకుండా పట్టి ఉంచేందుకు బల్లకు బిగించిన పట్టుకర్ర, నాలుగు రకాల ఆకురాళ్ళు, ఒక కిరసనాయిలు బుడ్డి. గోడౌన్లకు వేసే బండ కప్పల్ని అతను ముట్టుకోడు. "వాటికి నేనెందుకు, సుత్తి చాలు" అనేవాడు. అతనికి కావలసింది బీరువాలు, బల్లల సొరుగులు, అల్మారాలు. వేలెడంత తాళం, దాని లోపల గోటితో కూడా పట్టుకోలేనంత పిన్నులు, ఆ పిన్నుల మీద వెంట్రుకలాంటి స్ప్రింగులు. పోయిన తాళంచెవికి మారు చెవి చెయ్యాలంటే కావలి మొత్తానికీ అతనే. ఆ సంగతి ఊరికంటే అతనికే బాగా తెలుసు. అదే వచ్చింది తంటా.

రైలుకట్ట అవతల షారోను బాలికల హైస్కూలు ఉంది. హజరత్తయ్య ఒక్కగానొక్క కూతురు కామమ్మ అక్కడ పదో తరగతి. అప్పట్లో బడి పదకొండో తరగతి దాకా ఉండేది. ఎనిమిదిలో లెక్కలు తప్పితే పిల్లను మాన్పించి పెళ్ళి చేసేద్దామని భార్య పిచ్చమ్మ గోల పెట్టింది. అప్పుడు నవోమి టీచరు ఇంటికొచ్చి, వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, "పిల్లను నాకు వదలండి, రెండు నెలల్లో చూపిస్తాను" అంది. చూపించింది. ఆ రోజు నుంచి నవోమి టీచరంటే హజరత్తయ్యకు దేవుడితో సమానం. ఇది నోటిమాటగా అన్నది కాదు, మనసులోనూ అంతే.

ఆ బళ్ళో పరీక్ష పేపర్ల బాధ్యత నవోమిది. ముప్ఫైయ్యయిదేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ముసలి తల్లితో బడి కాంపౌండులోనే రెండు గదుల క్వార్టర్సులో ఉండేది. పేపర్లు నెల్లూరు ప్రెస్సులో అచ్చయి, సీలు వేసిన కట్టలుగా వస్తాయి. ఆఫీసు గదిలో ఒక స్టీలు బీరువా. దాని పిడి తిప్పితే తలుపు లోపల రెండు పొడుగాటి కడ్డీలు, ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయి చట్రంలో దిగుతాయి, మూడో గడియ పక్కకు పోతుంది. మూడుచోట్ల పట్టుకున్న తలుపును గునపం పెట్టి తన్నినా వంగదు. కానీ ఆ మూడింటికీ యజమాని పిడి పక్కనున్న బొటనవేలంత ఇత్తడి తాళం. అది వదిలితే మూడూ వదులుతాయి.

ఆ బీరువా తాళంచెవి పోయింది. నవోమి దాన్ని తన బల్ల సొరుగులో పెట్టి, సొరుక్కి తాళం వేసి, భోజనానికి వెళ్ళి వచ్చేసరికి లేదు. సొరుగు వేసినది వేసినట్టే ఉంది. తానే ఎక్కడో పారేసుకున్నాననుకుంది. హజరత్తయ్యకు కబురు పెట్టింది.

"బీరువా తాళం పోయిందండీ. ఎవరి చేతిలో పడిందో ఏమో. ఎల్లుండి పేపర్లు వస్తాయి. కొత్త తాళం కావాలి, ఇవాళే" అంది.

"అదెంత పని టీచరమ్మా. బీరువాకి దెబ్బ తగలకుండా చేసిస్తా, చూస్తా ఉండండి."

సరిపోయే గాడి ఉండి, ఇంకా గంట్లు కొయ్యని ఖాళీ చెవి ఒకటి సంచిలోంచి తీసి, బుడ్డి మంట మీద పట్టి నల్లగా మసి పట్టించాడు. తాళంలోకి దూర్చి, గట్టిగా తిప్పి పట్టుకుని పైకీ కిందికీ కాస్త ఊపి, బయటికి తీశాడు. నల్లటి మసి మీద అయిదుచోట్ల చుక్కలు మెరిశాయి. లోపలి పిన్నులు నొక్కిన జాగాలవి. ఆ చుక్కల దగ్గర ఆకురాయితో రెండేసి రాపిళ్ళు రాకి, మళ్ళీ మసి, మళ్ళీ తిప్పడం. పిన్ను తన మట్టానికి వచ్చిందంటే ఇక చుక్క వెయ్యదు. ఒక్క రాపిడి ఎక్కువైతే చెవి పారెయ్యాల్సిందే. టీచర్లందరూ చుట్టూ మూగారు. గుమాస్తా సంజీవరావు కూడా కళ్ళజోడు పైకి జరుపుకుని వచ్చి చూశాడు. గంట తిరక్కుండా చెవి తిరిగింది, పిడి తిరిగింది, తలుపు లోపల కడ్డీలు ఠక్కుమని జారాయి. టీచర్లు పిల్లల్లా చప్పట్లు కొట్టారు.

నవోమి కొత్త తాళంచెవి చేతిలోకి తీసుకుని ఊపిరి పీల్చుకుంది. "హమ్మయ్య. ఇంక ఆ పాతది ఎవరి దగ్గరున్నా భయం లేదు" అంది.

హజరత్తయ్య ఆకురాయి తుడుచుకుంటున్నాడు. ఆ మాట వినపడింది. చెయ్యి ఆగింది కూడా. టీచరమ్మ అడిగింది తాళంచెవి కాదు, తాళమే మార్చమని. పాత చెవి ఇప్పటికీ ఈ తాళంలో సుఖంగా తిరుగుతుంది. ఆ సంగతి చెప్పి, తలుపు వెనక రేకు విప్పి, ఆ ఇత్తడి తాళాన్ని ఊడదీసి, పిన్నుల వరస మార్చి, దానికి సరిపడా మరో చెవి రాకితే చాలు. మహా అయితే ఇంకో గంట. కానీ ఇంతమంది చప్పట్లు కొట్టాక, "కాదండీ, మీరడిగింది నాకర్థం కాలేదు, మళ్ళీ మొదటి నుంచి చేస్తా" అని ఏ మొహంతో చెబుతాడు? పోయిన చెవి ఏ కాలవలోనో పడి ఉంటుందిలే అనుకున్నాడు. సంచి సర్దుకుని నమస్కారం పెట్టి వచ్చేశాడు. నవోమి రిజిస్టరు తీసి, "బీరువా పాత తాళము మార్చి కొత్త తాళము వేయించడమైనది. చెవి ఒక్కటే, నా వద్ద కలదు" అని తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది.

ఏప్రిల్ మొదటివారంలో పరీక్షలు. లెక్కల పరీక్ష నాడు పొద్దున్నే కామమ్మ వెళ్ళినంత వేగంగా తిరిగి తండ్రి అరుగు దగ్గరికి వచ్చింది.

"పరీక్ష లేదంట నాయనా. పేపరు ముందే బయటికొచ్చేసిందంట. కట్ట సీలు చించి మళ్ళీ అంటించినారంట. ఒక కాయితం తక్కువ. రాత్రి నించి పిల్లోళ్ళంతా రాసుకుంటానే ఉండారు."

"ఎవురు ఇచ్చినారంట?"

"ఎవురో. బీరువా తాళం నవోమి టీచరు దగ్గర తప్ప యాడా లేదు గదా. టీచర్నే నిలబెట్టి అడుగుతా ఉండారు."

హజరత్తయ్య రాకుతున్న చెవి పట్టుకర్రలోంచి జారిపోయింది. మూడు రోజులకల్లా నవోమిని విధుల నుంచి ఆపేశారు. విచారణకు ముగ్గురు పెద్దలతో కమిటీ వేశారు. తప్పు రుజువైతే ఉద్యోగమూ పోతుంది, క్వార్టర్సూ ఖాళీ చెయ్యాలి. పేపరు అమ్ముకున్న టీచరని పేరు పడ్డాక నెల్లూరు జిల్లాలో ఏ బడీ గుమ్మం ఎక్కనివ్వదు. అంతా హజరత్తయ్య చెప్పవలసిన ఒక్క మాట మీద ఉంది. ఆ మాట అతను చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు వచ్చింది, పోయింది. మనిషికి నోరుండగానే సరా?

అయిదో రోజు బడి నుంచి కబురొచ్చింది. గుమాస్తా సంజీవరావు బల్ల సొరుగు తెరుచుకోవడం లేదట. తాళంచెవి ఉట్టినే గిర్రున తిరుగుతోందట.

సొరుగు తాళం తెలియనివాళ్ళకు అదేదో పెద్ద జబ్బులా ఉంటుంది, నిజానికి ఏమీ లేదు. చెవి తిప్పితే తాళం వెనక ఒక ఇనప నాలుక పైకి లేచి బల్ల చెక్కకు అడ్డం పడుతుంది. ఆ నాలుకను పట్టుకునే మర వదులైతే చెవి తిరుగుతుంది, నాలుక మాత్రం లేచినది లేచినట్టే ఉండిపోతుంది. హజరత్తయ్య దానికి పైనున్న తాళం లేని సొరుగును పూర్తిగా లాగి కింద పెట్టి, ఆ ఖాళీలోంచి చెయ్యి పోనిచ్చి, నాలుకను వేలితో కిందికి నొక్కాడు. సొరుగు బయటికొచ్చింది.

కాగితాలు, ముద్రల డబ్బా, పొడుం కాయ. ముద్రల డబ్బా పక్కన ఒక తాళంచెవి.

అతను దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన పని లేదు. మొదటి గంటు తక్కువ, తర్వాతి రెండూ లోతు, నాలుగోది తక్కువ, చివరిది మధ్యస్తం. తన చేత్తో తాను రాకిన గంట్లే అవి, కాకపోతే ఈ చెవి ఫ్యాక్టరీది, అరిగి నున్నబడింది. సొరుగు తాళం మొహం మీద అచ్చుకొట్టిన అంకె కేసి చూశాడు. గది అవతలి మూల నవోమి బల్ల. దాని సొరుగు మీదా అదే అంకె. బల్లలన్నీ ఒకే కొట్టులో ఒకేసారి కొన్నవి. ఇలాంటి తాళాల్లో రకాలు నాలుగో అయిదో, అంతే. అంకె ఒకటైతే చెవీ ఒకటే. సంజీవరావు తన చెవితో టీచరు సొరుగు తెరిచి, బీరువా చెవి తీసుకుని, మళ్ళీ సొరుగు వేసేశాడు. అతని మరదలు పదో తరగతిలో ఉన్న సంగతి కామమ్మ ఎప్పుడో చెప్పింది.

"ఏందయ్యా, అంత సేపు చూస్తా ఉండావు?" అన్నాడు వెనకనుంచి సంజీవరావు.

"ఏం లేదు సార్. నాలుక."

"నాలుకకేమైంది?"

"మర వదులయింది సార్. బిగిస్తా."

బిగించాడు. కింద ఒక బిళ్ళ కూడా వేసి మరీ బిగించాడు. సొరుగు మూసి, చెవి తిప్పి, లాగి చూపించాడు. దొంగసొత్తు మీద భద్రంగా తాళం వేసి వచ్చాడన్నమాట, మహానుభావుడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. కామమ్మ ఒక మూల కూర్చుని ఏడుస్తోంది. టీచరు ఇంట్లో సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టిందట. ఆ ఏడుపు చూశాక అతనికి తెగింపు వచ్చింది. మర్నాడు కమిటీ కూర్చునే రోజు. పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని పోయాడు.

కరస్పాండెంటు క్రీస్తురాజుగారు చెడ్డవాడు కాదు. అలిసిపోయిన పెద్దమనిషి. పక్కన ఇద్దరు సంఘపెద్దలు. ఆ ఇద్దరి ఇళ్ళల్లోనూ బీరువా తాళాలు హజరత్తయ్య చేతి మీదుగా వెళ్ళినవే. ఒక పక్క నవోమి నిలబడి ఉంది. బల్ల దగ్గర సంజీవరావు విచారణంతా కాగితం మీద రాస్తున్నాడు.

"బీరువాకి నేను బీగం మార్చలేదు సార్. చెవి మాత్రమే చేసిచ్చినా. పాత చెవి ఇప్పటికీ పడతాది. ఆ పాత చెవి ఈ గుమాస్తా సార్ సొరుగులో ఉండాది. నా కళ్ళతో చూసినా" అన్నాడు హజరత్తయ్య ఒక్క గుక్కలో.

నవోమి తలెత్తి చూసింది. ఆ మొహంలోకి ప్రాణం వచ్చింది.

క్రీస్తురాజుగారు సొరుగు తెరవమన్నారు. సంజీవరావు నింపాదిగా లేచి చెవి తిప్పాడు. నిన్న బాగుచేసిన తాళం చక్కగా తెరుచుకుంది. కాగితాలు, ముద్రల డబ్బా, పొడుం కాయ. అంతే.

"చూడండి సార్, ఆ సొరుగూ టీచరమ్మ సొరుగూ ఒకే చెవితో వస్తాయి. అంకె చూడండి" అన్నాడు హజరత్తయ్య. పెట్టి చూశారు. నిజమే, వచ్చింది.

"వస్తుంది సార్. నా చెవితో ఆమె సొరుగు వచ్చినట్టే, ఆమె చెవితో నాదీ వస్తుంది. ఇందులో నాకొక్కడికి అంటుకునేది ఏముంది?" అన్నాడు సంజీవరావు మెత్తగా. రాసుకోవడానికి మళ్ళీ కూర్చున్నాడు.

క్రీస్తురాజుగారు రిజిస్టరు తెరిచారు. "పాత తాళము మార్చి కొత్త తాళము వేయించడమైనది అని ఇక్కడుంది. అది అబద్ధమన్నమాట. నవోమీ, మార్చని తాళాన్ని మార్చినట్టు రాశావేం?"

"నేను మార్చమనే అడిగానండీ. మార్చాడనే అనుకున్నాను."

"ఏమయ్యా, ఈవిడ ఏమని అడిగింది? తాళం మార్చమందా, తాళంచెవి చెయ్యమందా? ఆలోచించి చెప్పు. నువ్వు మోసం చేసి ఉంటే తప్పు నీది. నువ్వు అడిగిందే చేసి ఉంటే ఈవిడ రాసింది కావాలని రాసిన అబద్ధం."

ఇద్దరు సంఘపెద్దలూ అతన్నే చూస్తున్నారు. మార్చమన్న తాళం మార్చకుండా మార్చినట్టు నటించిన మనిషి అని వాళ్ళ నోట ఒక్కసారి పడితే, రేపటి నుంచి కావలిలో ఏ ఇల్లూ తన బీరువా దగ్గరికి అతన్ని రానివ్వదు. ఇరవై ఏళ్ళ పేరు. హజరత్తయ్య ఆ గుమ్మం ఎక్కింది టీచరమ్మను కాపాడదామనే. ఒట్టు. కానీ తనను తాను బలి ఇచ్చుకుని కాపాడవలసి వస్తుందని ఇంటి దగ్గర అనుకోలేదు.

"తాళం కావాలన్నారు సార్. తాళమే చేసిచ్చినా" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

నవోమి అతని వైపు తిరిగింది. కోపంగా అడగలేదు, క్లాసులో పిల్లల్ని అడిగినట్టే అడిగింది. "హజరత్తయ్యా, ఇంక పాతది ఎవరి దగ్గరున్నా భయం లేదు అన్నాను కదా. నీ పక్కనే నిలబడి అన్నాను. నువ్వు విన్నావు కదా?"

గదిలో సంజీవరావు కలం చప్పుడు ఆగింది.

"ఇన్లేదమ్మా" అన్నాడు హజరత్తయ్య. "రాకతా ఉంటే చప్పుడుకి ఏమీ ఇనపడదు."

నవోమి అతని మీంచి చూపు తిప్పేసుకుంది. క్రీస్తురాజుగారు నిట్టూర్చి రిజిస్టరు మూశారు. అబద్ధపు నమోదు చేసినందుకు, పేపర్ల భద్రతలో నమ్మకం పోగొట్టుకున్నందుకు ఆమెను తొలగిస్తున్నట్టు ఆ పూటే రాశారు. రాసింది సంజీవరావే, దస్తూరీ బాగుంటుంది కనుక. హజరత్తయ్య నోరు తెరవకుండా ఉంటే పేపరు అమ్మినట్టు సాక్ష్యం లేదని వదిలేసేవాళ్ళేమో. అతను పోయి నిజం చెప్పాడు గనుకనే రిజిస్టరు అబద్ధమైంది. సగం నిజం చెప్పేవాళ్ళ కంటే మూగవాళ్ళు మేలు.

నవోమీ తల్లీ అల్లూరు బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. అక్కడ ఎవరో దూరపు చుట్టాలున్నారట. ఆ మధ్యాహ్నం హజరత్తయ్య ఇంటికి భోజనానికి వచ్చాడు. పిచ్చమ్మ చేపల పులుసు వడ్డించింది. కామమ్మ కంచం ముందు కూర్చుంది కానీ ముట్టుకోలేదు.

"నువ్వు ఇన్లేదన్నావంట గదా నాయనా, టీచరు అన్న మాట."

"చప్పుడులో ఇనపళ్ళా."

"ఆ రోజు రేతిరి అమ్మకు చెప్పినావే. 'ఇంక పాతది ఎవరి దగ్గరున్నా భయం లేదు అన్నాది టీచరమ్మ, నా పని మీద అంత నమ్మకం' అని నవ్వినావే. నేను పక్కనే ఉండా."

పిచ్చమ్మ గరిట పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఆమెకూ గుర్తుంది.

"రేపు పోయి క్రీస్తురాజు సార్‌కి చెప్తా" అంది కామమ్మ.

"చెప్పినావంటే ఆ బడి గుమ్మం మళ్ళీ తొక్కనీను. సదువూ లేదు గిదువూ లేదు, ఇంట్లో పడుండాల" అన్నాడు హజరత్తయ్య.

అన్నాక ఆ మాట అతని చెవికే పరాయివాడెవడో అన్నట్టు వినపడింది. కామమ్మ ఎంగిలి కాని చేతితో కంచం పక్కకు జరిపి లేచింది. పైటతో మొహం తుడుచుకుని, గోడ గూట్లోంచి తన పుస్తకాలన్నీ తీసి, తండ్రి పనిముట్ల సంచి పక్కన దొంతరగా పెట్టింది.

"నువ్వు మాన్పించే పన్లేదు. నేనే మానేస్తా" అంది.

జూన్‌లో బడి తెరిచారు. పిచ్చమ్మ బతిమాలింది, హజరత్తయ్యా బతిమాలాడు. సాక్ష్యం చెప్పడానికీ, చదువుకోవడానికీ, కామమ్మ మళ్ళీ ఆ రైలుకట్ట దాటలేదు.